అపరిచితునికి రెజ్యూమె పంపేటప్పుడు…

పూర్వం ఉద్యోగార్థి తన దరఖాస్తుకు పైన ఒక లేఖ జతపరచి పంపేవాడు. నేడు చిన్న సంస్థలలో ఎన్నో నియామకాలు వాట్సాప్‌లోనే మొదలవుతున్నాయి. బంధువో, పొరుగువారో ఒక నంబరిచ్చి “వీరికి రెజ్యూమె పంపించు” అంటారు. మన పిల్లలు ఫైలైతే పంపుతున్నారు గాని, ఆ పైలేఖను మాత్రం మరచిపోతున్నారు. జవాబు రానప్పుడు తమ అర్హతలోనే లోపమున్నదని కుమిలిపోతున్నారు. చాలా సందర్భాలలో ఆ ఫైలును అవతలివారు తెరవనే లేదు.

అందుకు కారణముంది. పెళ్ళి పత్రికలంటూ హానికరమైన ఫైళ్ళు పంపి, బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు మన దేశంలో సాగుతున్నాయి. కనుక తెలియని నంబరు నుండి వచ్చిన ఫైలును ముట్టుకోవడానికి ఎవరైనా జంకుతారు. పైగా ఫోను తెరపై వారికి ముందుగా కనిపించేవి మన సందేశంలోని మొదటి కొన్ని మాటలే. మనమెవరమో, ఎవరు పంపితే వచ్చామో ఆ మాటలే చెప్పాలి.

ఒక ఉదాహరణ

నిజామాబాదుకు చెందిన ఒక యువతి డి.ఫార్మసీ చదివిందనుకుందాం. హైదరాబాదులోని ఒక మందుల దుకాణం యజమాని నంబరు ఆమెకు దొరికింది. రాత్రి పది గంటలకు ఒక్క సలాం మాత్రమే పంపి జవాబు కోసం ఎదురుచూసింది. మరునాడు ఫైలు పంపి, కింద “ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి సార్” అని రాసింది. ఆ యజమానికి ఆమె ఎవరో తెలియదు. ఏ ఉద్యోగం అడుగుతున్నదో కూడా తెలియదు. అదే యువతి పగటి వేళ ఇలా రాసి ఉంటే?

“అస్సలాము అలైకుమ్. నా పేరు ……… మీకు మందులు సరఫరా చేసే ……… గారు మీ నంబరు ఇచ్చారు. మీ మెహదీపట్నం దుకాణంలో ఫార్మసిస్టు ఉద్యోగం ఖాళీగా ఉందని చెప్పారు. నేను డి.ఫార్మసీ పూర్తిచేసి, తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదయ్యాను. నిజామాబాదులో ఒక మందుల దుకాణంలో రెండేళ్ళు పనిచేశాను. ఒక పేజీ రెజ్యూమె జతచేశాను. దరఖాస్తులు ఇంకా స్వీకరిస్తున్నారా, దయచేసి తెలుపగలరు.”

సలాం గాని, నమస్కారం గాని అవతలివారిని బట్టి ఎంచుకోవాలి. అయితే దానిని విడిగా పంపక, విషయంతో కలిపే రాయాలి. నంబరిచ్చినవారి పేరు మొదటే రావాలి. అపరిచితత్వాన్ని తొలగించేది అదే. కాని ఆ పేరు మన చేతిలో ఒక అమానతు. వారి అనుమతి లేనిదే వాడరాదు.

అర్హతలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. యజమాని ముందుగా వెదికే ఒక్క అంశం చాలు. వైద్యుని చీటీపై అమ్మే మందులను రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలన్నది చట్టం. అందుచేత “నమోదయ్యాను” అన్న మాటకు అక్కడ మార్కుల శాతం కన్నా విలువెక్కువ. ఇక చివరి వాక్యం చిన్న ప్రశ్నగా ఉండాలి. “ఉద్యోగమిప్పించండి” అంటే వెంటనే ఏమి చెప్పాలో తోచక ఊరుకుంటారు. “ఇంకా స్వీకరిస్తున్నారా” అంటే ఒక్క మాటతో బదులిస్తారు.

ఎక్కడ రాయాలి?

ఈ మాటలను వేరే సందేశంగా కాక, పిడిఎఫ్‌ను జతచేసేటప్పుడు దాని కింద కనిపించే గడిలోనే రాయాలి. యజమాని ఆ ఫైలును తన మేనేజరుకు పంపవచ్చు. విడిగా రాసిన సందేశం అప్పుడు వెనుకే ఉండిపోతుంది. ఫైలుకు జతగా రాసినదైతే, పంపేవారు తొలగిస్తే తప్ప, వెంటే వెళ్తుంది. ఫైలు పేరులోనూ మన పేరు, ఉద్యోగం పేరు ఉండాలి. “న్యూ ఫైనల్” అనే పేరుతో వచ్చిన ఫైలు ఎవరిదో మరుసటి వారం గుర్తుండదు.

కొన్ని ఇళ్ళలో తండ్రో, అన్నో తమ ఫోను నుండి రెజ్యూమెను ఫార్వర్డ్ చేస్తారు. అప్పుడు దానిపై “ఫార్వర్డెడ్” అన్న గుర్తు పడుతుంది. అది ఎక్కడి నుండో తిరిగివచ్చిన కాగితంలా కనిపిస్తుంది. అభ్యర్థి తానే పంపడం ఉత్తమం. ఇంటివారి నంబరే వాడవలసి వస్తే ఫైలును కొత్తగా జతచేసి, “ఇది మా నాన్నగారి నంబరు, సాయంత్రం ఆరు తరువాత నేను మాట్లాడగలను” అని రాయాలి.

పంపిన తరువాత

రాసిన మాటలలో తప్పు దొర్లితే 15 నిమిషాల లోపు సవరించవచ్చు. ఫైలులోని తప్పును అలా దిద్దలేము. కనుక పంపే ముందే ఫైలును ఒకసారి తెరచి చూసుకోవాలి. నీలి గీతలు కనిపించినంత మాత్రాన వెంటనే ఫోను చేయరాదు. వారం తరువాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేస్తే చాలు.

అపరిచితత్వం ఇరువైపులా ఉంటుందన్నది కూడా మరువరాదు. తొలి రెజ్యూమెలో ఆధార్ సంఖ్య, ఇంటి పూర్తి చిరునామా అక్కరలేదు. ఊరి పేరు చాలు. “రిజిస్ట్రేషన్ రుసుము” పేరిట డబ్బు గాని, ఓటీపీ గాని అడిగితే ఆ సంభాషణను అక్కడితో ఆపివేయాలి.