నైట్ షిఫ్టు హాజరు లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఫ్యాక్టరీ గేటు దగ్గరి వేలిముద్ర యంత్రం రాసుకునేది చాలా కొంచెం: ఉద్యోగి నంబరు, తేదీ, సమయం. వచ్చారా, వెళ్తున్నారా అని నొక్కే మీట కొన్ని యంత్రాలకు ఉంటుంది గానీ, షిఫ్టు మారే వేళ క్యూలో నిలబడ్డవాళ్లు దాని జోలికి పోరు. కాబట్టి రాకపోకల జతలను సమయాల వరుసను బట్టే కట్టుకోవాలి. పగటి డ్యూటీకి ఇది సులువే. చిక్కంతా నైట్ షిఫ్టుతోనే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పనిచేసే ఒక కార్మికుడి పంచ్‌లు ఇలా ఉన్నాయనుకుందాం:

```
1047  2024-06-11 21:52:10
1047  2024-06-11 21:52:14
1047  2024-06-12 06:09:33
1047  2024-06-12 21:55:41
1047  2024-06-13 21:50:20
1047  2024-06-14 06:04:05
```

చాలాచోట్ల తేదీలవారీగా మొదటి పంచ్‌ను రాకగా, చివరి పంచ్‌ను పోకగా తీసుకుంటారు. అలా చూస్తే 11న ఈ మనిషి పనిచేసింది 4 సెకన్లు. 12న ఏకంగా 15 గంటల 46 నిమిషాలు! రాత్రంతా మెషిన్ దగ్గర నిలబడ్డవాడికి ఒకరోజు ఆబ్సెంటు పడుతుంది, మర్నాడు చేయని ఓటీ రాస్తారు.

ముందుగా నకళ్లను ఏరాలి. వేలు సరిగా పడిందో లేదోనని మళ్లీ పెట్టడం మామూలే. అందుకే రెండు నిమిషాల లోపు వచ్చిన రెండో పంచ్‌ను నకలుగా గుర్తిస్తే చాలు. దాన్ని చెరిపేయకూడదు. రేపు తగాదా వస్తే అసలు లాగే సాక్ష్యం.

ఇక జతలు. వరుసగా రెండేసి కలుపుకుంటూ పోతే మొదటి జత బాగానే వస్తుంది: 8 గంటల 17 నిమిషాలు. ఆ తర్వాతే బండి పట్టాలు తప్పుతుంది. 13 ఉదయం వెళ్లేటప్పుడు అతను వేలు పెట్టలేదు. దాంతో ఆ రాత్రి రాక పోకగా మారి, 23 గంటల 54 నిమిషాల డ్యూటీ తేలుతుంది. 14 ఉదయం ఇంటికి వెళ్లడం కాస్తా డ్యూటీకి రావడం అవుతుంది. ఒక్క పంచ్ తప్పితే ఆ తర్వాతివన్నీ తలకిందులే.

దీనికి మందు షిఫ్టు కిటికీ. రాత్రి 8 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా పడిన పంచ్‌లన్నీ షిఫ్టు మొదలైన తేదీకే చెందుతాయని నియమం పెట్టుకోవాలి. అప్పుడు 11, 13 తేదీల జతలు సరిగ్గా కుదురుతాయి. 12న ఒక్క పంచే మిగులుతుంది. అది రాత్రి 10కి దగ్గరగా ఉంది గనుక రాక ఉంది, పోక లేదు అని తేలుతుంది. అక్కడ 06:00 అని ఊహించి నింపడం ఎంత తప్పో, ఆబ్సెంటు వేసి జీతం కోయడమూ అంతే తప్పు. ‘మిస్ పంచ్’ అని రాసి, జీతాల లెక్క ముగిసేలోపే సూపర్‌వైజర్‌నూ కార్మికుడినీ అడగాలి.

కిటికీకీ ఒక హద్దుంది. ఎవరైనా ఉదయం షిఫ్టు కూడా కలిపి చేసి మధ్యాహ్నం 2 దాటాక వెళ్తే, ఆ పోక కిటికీ బయట పడి, నిజంగా చేసిన ఓటీయే మిస్ పంచ్‌లా కనిపిస్తుంది. అందుకని ఏ షిఫ్టుకూ చేరని పంచ్‌లను వేరే పట్టీగా తీసి, మిస్ పంచ్‌ల పక్కన పెట్టి చూడాలి. సరిదిద్దిన ప్రతి సమయం పక్కన ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాయాలి.