మాత్ర పని గంటల్లో, మెదడు పని వారాల్లో

ఎసిటలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున వేసుకుంటే మధ్యాహ్నానికల్లా రక్తంలో దాని పాళ్లు గరిష్ఠానికి చేరతాయి. మెదడులో అది పట్టుకోవలసిన ప్రొటీన్‌ను ఆ పూటే పట్టుకుంటుంది. అయినా డాక్టరు మాత్రం "కొన్ని వారాలు ఓపిక పట్టండి" అంటారు. తలనొప్పి మాత్ర గంటలోపు తన సంగతి తేల్చేస్తుంది, మరి కుంగుబాటు మాత్రకు ఇంత తాత్సారం ఎందుకు? ఈ ప్రశ్నను పక్కకు నెట్టి "మెదడులో సెరటోనిన్ తగ్గింది, మందు దాన్ని నింపుతుంది" అని చెప్పడం చాలా ఏళ్లు నడిచింది. రక్తహీనతకు ఐరన్ మాత్రలు ఇచ్చినంత తేలికగా అర్థమయ్యే మాట అది. కానీ లోటు పూడ్చడమే మందు పని అయితే, కణాల మధ్య సెరటోనిన్ పెరగడం మొదలైన రోజే మనసు తేలికపడాలి. అలా జరగదు. ఎందుకంటే మాత్ర చేసేది చాలా చిన్న పని, అది గంటల్లో అయిపోతుంది. ఆ పనికి మెదడు వారాల తరబడి సర్దుకునే తీరులోనే అసలు ఫలితం ఉంది. కుంగుబాటు మందుల మీద మన ఇళ్లలో వినిపించే భ్రమలూ భయాలూ చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే.

ముందు ఆ చిన్న పని ఏమిటో దగ్గరగా చూద్దాం. సెరటోనిన్ తయారుచేసే నాడీకణాలు మెదడు కాండంలో, రాఫే అనే కేంద్రకాల్లో గుంపుగా ఉంటాయి. సంఖ్యలో అవి చాలా తక్కువ, కానీ వాటి తీగలు మెదడంతా అల్లుకుని ఉంటాయి. ఆ తీగల నుంచి విడుదలైన సెరటోనిన్ ఎదుటి కణం మీద మాత్రమే వాలి ఊరుకోదు, చుట్టుపక్కలకు కొంత దూరం పాకుతుంది. ఎంత దూరం పాకాలి, ఎంతసేపు ఉండాలి అన్నది చాలావరకు ఒక ప్రొటీన్ చేతిలో ఉంది. అదే సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్. విడుదల చేసిన కణం పొరలోనే కూర్చుని, బయట తిరుగుతున్న సెరటోనిన్‌ను మళ్లీ లోపలికి చేర్చడం దాని ఉద్యోగం. లోపలికి వచ్చిన సరుకులో కొంత తిరిగి తిత్తుల్లోకి ఎక్కుతుంది, కొంత ఎంజైము చేతిలో విచ్ఛిన్నమవుతుంది. నాడీకణాలు తాము వదిలిన రసాయనాన్ని తామే తిరిగి తీసుకుంటాయని 1960ల మొదట్లో నోరడ్రినలిన్ విషయంలో చూపిన జూలియస్ ఆక్సెల్‌రాడ్, 1970 నోబెల్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఒకరు.

ఈ ట్రాన్స్‌పోర్టర్‌ను పీల్చే గొట్టంగా ఊహించుకుంటే తప్పులో కాలేసినట్టే. గోదావరి కాలువల మీద పడవలు దాటే లాకులు చూసినవారికి దీని పనితనం వెంటనే అర్థమవుతుంది. లాకుకు రెండు తలుపులుంటాయి, రెండూ ఒకేసారి తెరుచుకోవు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసుకుంటుంది, ఆ తర్వాతే ముందు తలుపు తెరుస్తారు. ట్రాన్స్‌పోర్టర్‌లోనూ మధ్యన ఒక గది ఉంది. బయటి వైపు తెరిచి ఉన్నప్పుడు సెరటోనిన్ అణువుతో పాటు ఒక సోడియం అయాన్, ఒక క్లోరైడ్ అయాన్ అందులో చేరతాయి. అప్పుడు బయటి తలుపు మూసుకుని, లోపలి తలుపు తెరుచుకుని, సరుకు కణంలోకి దిగుతుంది. తిరుగు ప్రయాణంలో పొటాషియం అయాన్ బయటికి వస్తుంది, లాకు మళ్లీ మొదటి స్థితికి చేరుతుంది. ఈ తంతుకు కావలసిన బలం సోడియం నుంచి వస్తుంది. కణం బయట సోడియం లోపలికన్నా సుమారు పదింతలు ఉంటుంది కనుక అది సహజంగానే లోపలికి తోసుకొస్తుంది, ఆ తోపుడే సెరటోనిన్‌నూ లాక్కొస్తుంది. ఒక్కో లాకు సెకనుకు దాటించేది కొద్ది అణువులనే, కానీ లాకుల సంఖ్య ఎక్కువ.

మందు చేసేది ఈ లాకులో ఇరుక్కోవడమే. ఎరిక్ గూవో బృందం 2016లో ప్రచురించిన ఎక్స్-రే చిత్రాల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. సెరటోనిన్ కూర్చోవలసిన గదిలోనే ఎసిటలోప్రామ్ కూర్చుని, బయటి తలుపు మూసుకోకుండా అడ్డుపడుతోంది. లాకులోకి వచ్చి కదలకుండా నిలిచిపోయిన పడవ లాంటిది అది. వెనక వచ్చే పడవలకు దారి ఉండదు. గమనించవలసింది ఏమంటే, ఈ మందులో సెరటోనిన్ చుక్క కూడా లేదు. ఇది కొత్తగా దేన్నీ పోయదు, విడుదలైనది త్వరగా తుడిచిపెట్టుకుపోకుండా ఆపుతుంది, అంతే. సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్, పరాక్సిటిన్ కూడా ఈ కోవలోవే.

మరి లాకు మూతపడిన మొదటి రోజుల్లో మెదడులో ఏమవుతుంది? అసలు మలుపు ఇక్కడే ఉంది. సెరటోనిన్ కణం తాను ఎంత వదులుతున్నదో తానే కనిపెట్టుకుంటూ ఉంటుంది. రాఫేలోని కణ శరీరం మీద 5హెచ్‌టీ-1ఏ అనే గ్రాహకాలు ఉన్నాయి. చుట్టూ సెరటోనిన్ ఎక్కువైతే అవి పొటాషియం దారులు తెరిపించి కణాన్ని నెమ్మదింపజేస్తాయి. మందు వేసుకున్న తొలి రోజున సెరటోనిన్ ఎక్కువగా పెరిగేది రాఫేలోనే. దాంతో ఈ కావలి గ్రాహకాలు "ఇక చాలు" అంటాయి, కణాల స్పందనల వేగం పడిపోతుంది. ఒక చేత్తో తుడవడం ఆపించిన మందు, ఇంకో చేత్తో విడుదలను తగ్గించినట్టయింది. 1980ల్లో మాంట్రియల్‌లో బ్లియే, ద మోంటిన్యీ అనే పరిశోధకులు ఎలుకలకు జిమెలిడిన్ అనే మందు ఇచ్చి చూశారు. రెండు రోజులకు కణాల వేగం బాగా తగ్గింది, వారం రోజులకు కొంత కోలుకుంది, పద్నాలుగు రోజులకు మామూలు స్థాయికి వచ్చింది. మందు ఆపలేదు, మోతాదు మార్చలేదు. ఎడతెగని సెరటోనిన్‌కు అలవాటుపడి కావలి గ్రాహకాలు మొద్దుబారాయి. ఇప్పుడు లాకు మూసే ఉంది, కణం మాత్రం మునుపటి వేగంతో వదులుతోంది. మెదడు ముందుభాగాల్లో సెరటోనిన్ సంకేతం నిలకడగా పెరిగేది ఈ దశలోనే. డాక్టరు చెప్పిన వారాలకూ ఎలుకల్లో కనబడిన ఈ గడువుకూ పొంతన కుదరడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను.

అయితే పొంతన కుదిరినంత మాత్రాన రుజువైనట్టు కాదని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. దీన్ని పరీక్షించడానికి ఒక దారి దొరికింది. పిండోలాల్ అనే పాత రక్తపోటు మందు 5హెచ్‌టీ-1ఏ గ్రాహకాలకూ అడ్డుపడుతుంది. దాన్ని మొదటి రోజు నుంచే జతచేస్తే కావలి కళ్లు మూసినట్టవుతుంది, ఫలితం త్వరగా రావాలి. 1990ల నుంచి జరిగిన పరీక్షల్లో కొన్నిట్లో ఫలితం త్వరపడింది, కొన్నిట్లో ఏ తేడా లేదు. తర్వాత మెదడు స్కాన్లు చేస్తే, వాడుకలో ఉన్న పిండోలాల్ మోతాదు ఆ గ్రాహకాల్లో చాలా తక్కువ భాగాన్నే కప్పుతున్నదని తేలింది. కాబట్టి పరీక్ష తేలలేదు, సిద్ధాంతం ఓడలేదు. గ్రాహకాలు మొద్దుబారడమే కథ మొత్తం అని కూడా నేననను. దీర్ఘకాలం మందు వాడిన ఎలుకల్లో ట్రాన్స్‌పోర్టర్ల సంఖ్యే తగ్గుతుంది, నాడీకణాల మధ్య కొత్త అతుకులకు తోడ్పడే ప్రొటీన్ల పని మారుతుంది. ఇవన్నీ వారాల మీద నడిచే మార్పులే.

అంతకన్నా బలమైన ఆక్షేపణ 2022లో గట్టిగా వినిపించింది. కుంగుబాటుకు సెరటోనిన్ లోటు కారణమన్నదానికి నికరమైన ఆధారం లేదని ఆ ఏడాది జొవానా మాంక్రీఫ్ బృందం సమీక్ష తేల్చింది. "అయితే మందులన్నీ మోసమేనా?" అని చాలామంది వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులిచ్చేశారు. లోటు కథ కూలితే కూలనివ్వండి, అది మందు కథ కాదు. సెరటోనిన్‌కు ముడిసరుకు ట్రిప్టోఫాన్. అది లేని అమైనో ఆమ్లాల పానీయం తాగిస్తే మెదడులో సెరటోనిన్ తయారీ కొన్ని గంటలు పడిపోతుంది. ఆరోగ్యవంతుల్లో చాలామందికి అప్పుడు పెద్దగా దిగులేమీ రాదు. ఈ మందులతో కోలుకున్నవారిలో మాత్రం చాలామందికి ఆ కొద్దిసేపు పాత లక్షణాలు తిరిగొచ్చాయి. అంటే సెరటోనిన్ తగ్గడమే జబ్బు కాదు, కానీ ఈ మందు పనిచేయాలంటే సెరటోనిన్ ఉండి తీరాలి. జ్వరం పారాసెటమాల్ లోటు వల్ల రాదు, అయినా పారాసెటమాల్‌తో తగ్గుతుంది కదా! మందు బలం ఎంత అన్నది వేరే ప్రశ్న. 2018లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ 522 పరీక్షలను, లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేనని, సగటున ఆ తేడా మాత్రం పెద్దది కాదని తేలింది. నా ఉద్దేశంలో ఇది నిజాయతీ గల లెక్క.

కొందరికి మొదటి వారంలోనే కాస్త తేలికగా ఉంటుంది, మరి వారాల వాదన ఏమైనట్టు? ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. తొలి మోతాదులతోనే మనుషుల ముఖాల్లోని భావాలను మెదడు చదివే తీరు కొంత మారుతుంది, మనసు బాగైందని ఆ మనిషికి మాత్రం ఇంకా అనిపించదు. బీజం ముందే పడుతుంది, మొక్క కంటబడేది తర్వాత. పూర్తి ఫలితానికి సమయం పడుతుందంటే మొదట్లో ఏమీ జరగదని కాదు. సరైన మోతాదులో నాలుగు వారాలు వాడినా రవ్వంత మార్పు లేదంటే, ఊరికే ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలి. తొలి రోజుల్లో వికారం, గాభరా, నిద్ర చెదరడం మామూలే. పాతికేళ్ల లోపువారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది కనుక, వారిని ఆ వారాల్లో ఇంట్లోవారు దగ్గరగా గమనించాలి.

ఇక ఆపడం సంగతి. ఎసిటలోప్రామ్‌కు పెద్దన్న లాంటి సిటలోప్రామ్ మీద జరిగిన స్కాన్ల లెక్క చూడండి. రోజుకు 20 మిల్లీగ్రాములతో ట్రాన్స్‌పోర్టర్లలో సుమారు 80 శాతం మూతపడతాయి. మోతాదు రెట్టింపు చేసినా మహా అయితే ఇంకో ఐదారు శాతం పెరుగుతుంది. అదే 20 నుంచి 10కి తగ్గిస్తే మూతపడినవి 70 శాతం దగ్గరే ఉంటాయి, సగానికి దిగాలంటే మూడు నాలుగు మిల్లీగ్రాముల దాకా రావాలి. అంటే చివరి చిన్న ముక్కను ఒక్కసారిగా మానడమే మెదడుకు అతి పెద్ద దిగుడు. "అర మాత్రకు వచ్చేశాను, ఇక మానేస్తే ఏముంది" అన్నవారికి తల తిరగడం, కరెంటు షాకు కొట్టినట్టుండటం, చిరాకు రావడం అందుకే. దీన్ని వ్యసనమనుకోకూడదు. ఆరాటం, మోతాదు పెంచుకోవాలన్న యావ ఇందులో ఉండవు. వారాల తరబడి సర్దుకున్న మెదడును ఒక్క రోజులో వెనక్కి లాగినందుకు వచ్చే తిరుగుదెబ్బ అది.

ఇలా హఠాత్తుగా ఆపడం ప్రయాణాల్లోనూ జరగవచ్చు. విదేశంలో ఉన్న మీ దగ్గరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక్కసారి వారి మందుల సంచి తెరిచి చూడండి. అక్కడ ఎసిటలోప్రామ్‌నూ క్లోనజిపామ్‌నూ ఒకే మాత్రలో కలిపి అమ్ముతారు. స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు చూసి మీరుండే దేశంలోని డాక్టరు దాన్ని పోల్చుకోలేకపోవచ్చు. స్టాకు అయిపోయిందని హఠాత్తుగా మానేస్తే, క్లోనజిపామ్ వల్ల మూర్ఛ కూడా రావచ్చు. రక్తంలోని ప్లేట్‌లెట్లకూ ఇదే ట్రాన్స్‌పోర్టర్ ఉంది కనుక, ఈ మందుతో పాటు ఆస్పిరిన్ గానీ ఐబూప్రొఫెన్ గానీ వాడితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పులకు వాడే ట్రమడాల్ కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. అందుకే బయల్దేరే ముందే వారు వాడే ప్రతి మందు అసలు పేరు, మిల్లీగ్రాములు ఒక కాగితం మీద రాయించండి. ఉండబోయే రోజులకు సరిపడా మాత్రలతో పాటు ప్రిస్క్రిప్షన్ కూడా తెచ్చుకోమని చెప్పండి.