తల పక్కకు తిప్పి చూసే పిల్లవాడు

మాకు తెలిసిన ఒక ఇంటి పిల్లవాడికి ఏడేళ్ళు. మక్తబ్‌లో నూరానీ ఖాయిదా చదువుతున్నాడు. చదవటానికి కూర్చున్నప్పుడల్లా ముఖాన్ని ఎడమ వైపుకు తిప్పి, కనుగుడ్లను కుడి మూలకు చేర్చి, పుస్తకాన్ని ఓరగా చూసేవాడు. అది చెడ్డ అలవాటని భావించిన ఉస్తాద్‌గారు రోజూ గడ్డం పట్టుకుని అతని ముఖాన్ని తిన్నగా తిప్పేవారు. తిప్పిన మరుక్షణమే పిల్లవాడు తడబడేవాడు. పదం మొదట్లో వచ్చిన ‘నూన్’ను ‘తా’ అని చదివేవాడు. చదువుపై శ్రద్ధ లేదన్న ఫిర్యాదు ఇంటికి చేరింది. అతని కళ్ళు పసితనం నుండి అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయని తల్లికి తెలుసు. అయితే ఆ ఊగటానికీ, ఈ తల తిప్పటానికీ సంబంధం ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నజర్ తగిలిందని నానీ అనేవారు.

కనుగుడ్లు మన ప్రమేయం లేకుండా లయబద్ధంగా ఊగే ఈ స్థితిని వైద్యులు నిస్టాగ్మస్ అంటారు. ఆ పిల్లవాడు తల తిప్పటంలో తప్పు లేదు. తన కళ్ళు అతి తక్కువగా ఊగే చోటును అతడు స్వయంగా కనుగొన్నాడు. ఈ ఒక్క విషయం అర్థమైతే అతనికి చదువు చెప్పే తీరు మొత్తం మారిపోతుంది.

కన్ను ఊగితే చూపుకు ఏమవుతుంది?

కంటి వెనుక ఉన్న రెటీనా పొరపై ఫోవియా అనే చిన్న బిందువు ఉంటుంది. అక్షరాల వంటి సూక్ష్మమైన వాటిని స్పష్టంగా చూసేది ఆ బిందువే. నిస్టాగ్మస్ ఉన్న కన్ను చూడదలచిన వస్తువు నుండి జారిపోతుంది, మళ్ళీ దాని వైపుకు వస్తుంది. సాధారణంగా ఇది సెకనుకు రెండు నుండి నాలుగు సార్లు జరుగుతుంది. ప్రతి ఊపులోనూ దృష్టి లక్ష్యంపై నిలిచేది ఒక లిప్తపాటు మాత్రమే. పిల్లవాడు స్పష్టంగా చూడగలిగేది ఆ కాస్త వ్యవధిలోనే. అందుకే అతనికి చూడటానికి ఎక్కువ సమయం పడుతుంది. చూపు ఉండి కూడా అతడు ఆలస్యంగా చదవటానికి కారణం ఇదే.

ఎక్కువ మందిలో కళ్ళు అడ్డంగా ఊగుతాయి. అప్పుడు పక్కపక్కన ఉన్నవి కలిసిపోయి కనబడతాయి. ‘తా’పై ఉండే రెండు చుక్కలు పక్కపక్కనే ఉంటాయి, ‘నూన్’పై ఒకటే ఉంటుంది. పదం మొదట్లో ఈ రెండు అక్షరాల ఆకారం ఒకటే గనుక ఆ చుక్కలే వాటిని వేరు చేయాలి. మన పిల్లవాడు పొరబడింది సరిగ్గా అక్కడే.

అయితే పుట్టుకతో లేదా తొలి నెలలలో నిస్టాగ్మస్ వచ్చినవారికి లోకం ఊగుతున్నట్లు కనిపించదు. వారి మెదడు ఆ కదలికకు అలవాటు పడే ఎదుగుతుంది. కనుక “నీకు అంతా ఊగుతున్నట్లుందా?” అని అడిగితే పిల్లవాడు లేదనే అంటాడు. ఆ జవాబు విని ఇబ్బంది లేదనుకోరాదు.

చాలామందిలో చూపు ఒక నిర్దిష్టమైన దిశలో ఉన్నప్పుడు ఊగటం బాగా తగ్గుతుంది. దీనిని నల్ పాయింట్ అంటారు. మన పిల్లవాడికి అది కుడి వైపున ఉంది. కళ్ళను కుడికి చేర్చి ఎదుటివారిని చూడాలంటే ముఖాన్ని ఎడమకు తిప్పక తప్పదు. బలవంతంగా తల తిన్నగా చేస్తే ఊగటం పెరిగి చూపు మసకబారుతుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ ముక్కు వైపుకు మళ్ళుతాయి గనుక అప్పుడు కూడా చాలామందికి ఊగటం తగ్గుతుంది. బల్లపై ఉన్న పుస్తకం చదవగలిగిన బాలుడు గోడపై ఉన్న నల్లబల్లను చదవలేకపోవటానికి ఇదొక కారణం. భయం, అలసట, అందరి ముందూ నిలబెట్టి చదివించటం ఊగటాన్ని పెంచుతాయి.

పసిబిడ్డలో కారణాలు

ఈ స్థితి సాధారణంగా తొలి ఆరు నెలలలోపే బయటపడుతుంది. కొందరిలో కన్ను ఆరోగ్యంగానే ఉంటుంది, దాని కదలికను అదుపు చేసే వ్యవస్థలోనే లోపం ఉంటుంది. ఇది కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. మరికొందరిలో మూలం కంటిలోనే ఉంటుంది. పుట్టుకతో వచ్చిన శుక్లం, రెటీనా వ్యాధులు, కంటి నరం సరిగా ఎదగకపోవటం, శరీరంలో రంగు తయారుకాని ఆల్బినిజం వీటిలో ముఖ్యమైనవి. ఆల్బినిజం ఉన్నవారందరికీ జుట్టు తెల్లగా ఉండదు. ఒక రకంలో లోపం కంటికే పరిమితమై, చర్మమూ జుట్టూ మామూలుగానే ఉంటాయి.

మన కుటుంబాలలో మేనరికాలు, పినతండ్రి పెదతండ్రి బిడ్డల మధ్య వివాహాలు ఉన్నాయి. దగ్గరి బంధువులైన దంపతులిద్దరిలోనూ ఒకే లోపభూయిష్ట జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులు ఇద్దరిలోనూ అది దాగి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. చర్మాన్ని, కంటిని కలిపి బాధించే ఆల్బినిజం, కొన్ని రెటీనా వ్యాధులు ఈ విధంగానే వస్తాయి. ఇందులో తల్లి దోషం ఏమీ లేదు. రెండవ బిడ్డకు ముందు జన్యు సలహాదారును కలవటం మేలు.

బిడ్డ కళ్ళు ఊగుతున్నాయని గమనించిన వెంటనే పిల్లల కంటి వైద్యులకు చూపించాలి. కనుపాపలో తెల్లని మచ్చ వంటిది కనబడితే ఒక్క రోజు కూడా ఆగరాదు. చూపును పూర్తిగా అడ్డుకునే శుక్లానికి తొలి రెండు నెలలలోపే శస్త్రచికిత్స జరిగితే మంచి ఫలితం ఉంటుంది. ఊగటం ఆరు నెలల తరువాత మొదలైనా, ఒక కంటిలోనే ఎక్కువగా ఉన్నా, బిడ్డ తల కూడా ఊపుతున్నా, మెదడులో గడ్డ లేదని నిర్ధారించుకోవటానికి వైద్యులు ఎం.ఆర్.ఐ. స్కాన్ చేయించమంటారు.

పరీక్ష సమయంలో ఒక కోరిక కోరవచ్చు. ఒక కంటిని మూయగానే కొందరిలో ఊగటం పెరుగుతుంది. కాబట్టి రెండు కళ్ళూ తెరిచి ఉంచి, పిల్లవాడు తనకు నచ్చినట్లు తల తిప్పుకున్నప్పటి చూపును కూడా కొలిచి రాయమనాలి. నిత్యజీవితంలో అతడు వాడుకునే చూపు అదే.

పెద్దవారిలో వస్తే

పెద్దవయస్సులో కొత్తగా వచ్చే నిస్టాగ్మస్ వేరే సంగతి. మెదడుకు అలవాటు పడే వ్యవధి ఉండదు గనుక గోడలు, మనుషులు, అక్షరాలు అన్నీ ఊగుతున్నట్లు కనబడతాయి. పక్షవాతం, మల్టిపుల్ స్క్లిరోసిస్, చెవి లోపలి వ్యాధులు, విటమిన్ బి1 తీవ్రంగా లోపించటం ఇందుకు కారణాలు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వంటి మందుల మోతాదు ఎక్కువైనా ఇది వస్తుంది. మందు దానంతట అదే మానరాదు, వైద్యుని వద్దకు వెళ్ళాలి. కళ్ళు ఊగటంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, నడక తూలినా గంటల వ్యవధిలో ఆసుపత్రికి చేర్చాలి.

సజ్దాలోకి వంగినప్పుడు గానీ, మంచంపై పక్కకు దొర్లినప్పుడు గానీ కొన్ని క్షణాలు లోకం గిర్రున తిరిగి ఆగిపోతే అది తరచుగా చెవిలోని సన్నని స్ఫటికాలు స్థానం తప్పటం వల్ల వచ్చే సమస్య. తలను క్రమపద్ధతిలో తిప్పే ఎప్లీ విధానంతో చెవి వైద్యులు దానిని చాలా సందర్భాలలో సరిచేయగలరు.

చదువుకు ఏర్పాట్లు

మన పిల్లవాడి విషయానికి తిరిగి వద్దాం. కంటి వైద్యులు పరీక్షించి కళ్ళజోడు ఇచ్చారు. కళ్ళజోడు ఊగటాన్ని ఆపదు, దానితో పాటు ఉన్న దృష్టి దోషాన్ని సరిచేస్తుంది. నల్ పాయింట్‌ను ఎదురుగా తెచ్చే శస్త్రచికిత్స ఒకటి ఉంది. తల బాగా తిరిగి మెడ నొప్పి పెట్టేవారికి అది ఉపయోగపడుతుంది. కానీ చూపు దానితో కొద్దిగానే మెరుగుపడుతుంది. మిగిలిన పనంతా ఇంటిదీ, బడిదీ.

మొదటిది కూర్చునే చోటు. నల్లబల్లకు ఎదురుగా కూర్చున్నవారికి ఎడమ చేతి వైపు చివర, ముందు వరుసలో అతనికి చోటు ఇచ్చారు. అక్కడి నుండి నల్లబల్ల అతనికి కుడి వైపున ఉంటుంది. ముఖం తిన్నగా ఉంచినా కళ్ళు వాటంతట అవే కుడికి చేరుతాయి. ముఖాన్ని కుడికి తిప్పే పిల్లలకైతే తరగతిలో కుడి చివర చోటు ఇవ్వాలి. కిటికీ వెలుతురు కళ్ళలో పడకుండా చూడాలి. ఆల్బినిజం ఉన్న పిల్లలకు ఇది మరింత అవసరం.

రెండవది అక్షరాల పరిమాణం. ఒకే స్థాయి పాఠాన్ని 14, 18, 24 పాయింట్లలో ముద్రించి, ఒక్కొక్కటి రెండేసి నిమిషాలు చదివించారు. 14లో కష్టపడి 30 పదాలు, 18లో 44, 24లో 45 పదాలు చదివాడు. 18 తరువాత వేగం పెరగలేదు గనుక అతనికి సరిపోయేది 18. అతి కష్టంమీద చదవగలిగిన చిన్న అక్షరాన్ని సరిపోయే పరిమాణంగా భావించటం పెద్దలు తరచుగా చేసే పొరపాటు. అలా చేస్తే పిల్లవాడు పది నిమిషాలకే అలసి పుస్తకం మూసేస్తాడు.

మూడవది ఖాయిదా. దాని పేజీని ఎ4 నుండి ఎ3కి జిరాక్స్ తీయిస్తే అక్షరాలు, చుక్కలు, జబర్, జేర్, పేష్ గుర్తులు సుమారు 1.4 రెట్లు పెద్దవవుతాయి. నల్లని అట్టముక్కలో ఒక వరుస మాత్రమే కనబడేలా కిటికీ కోసి పేజీపై జరుపుకుంటూ పోతే పై వరుస, కింది వరుస కలవవు. ఇద్దరు పిల్లలు ఒకే ప్రతిని పంచుకునే పద్ధతి అతనికి పనికిరాదు, ఎందుకంటే మధ్యలో ఉన్న పుస్తకం అతనికి కావలసిన దిశలో ఉండదు. విడిగా ఒక ప్రతి ఇచ్చి, రెహల్‌ను ఎత్తుగా, కళ్ళకు దగ్గరగా ఉంచాలి. పుస్తకాన్ని మరీ దగ్గరగా పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయన్న భయం అవసరం లేదు.

నాలుగవది సమయం. పరీక్షలలో అదనపు సమయం ఇవ్వటం జాలితో చేసే పని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగైన కంటి చూపు కూడా కళ్ళజోడుతో సరికాని స్థాయిలో తగ్గినవారు అల్పదృష్టి కలవారి కోవలోకి వస్తారు. ధృవీకరణలో 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం తేలితే, స్క్రైబ్ లేకుండా రాసినా మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనంగా కోరవచ్చు. 40 శాతం రాకపోయినా కూర్చునే చోటు, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం గురించి ప్రధానోపాధ్యాయునికి వైద్యుని లేఖతో విన్నవించుకోవచ్చు. భూతద్దం, చిన్న దూరదర్శిని వంటి సాధనాలను హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల అల్పదృష్టి విభాగంలో పరీక్షించి ఎంపిక చేసుకోవాలి. చూడకుండా దుకాణంలో కొన్నవి తరచుగా అలమరలోనే ఉండిపోతాయి.

ఆ పిల్లవాడి కళ్ళు ఇప్పటికీ ఊగుతూనే ఉన్నాయి, మున్ముందు కూడా ఊగుతాయి. ఖాయిదా మాత్రం ముగింపుకు వచ్చింది. ఉస్తాద్‌గారు ఇప్పుడు అతని గడ్డం పట్టుకోవటం లేదు. పాఠం మొదలుపెట్టే ముందు అతని రెహల్‌ను కాస్త కుడి వైపుకు జరుపుతున్నారు.