పావుగంట గీజరు, రాత్రంతా ప్యూరిఫయర్

నవంబరులో ఢిల్లీ గాలి ఎలా ఉంటుందో ఢిల్లీవాళ్లకు వేరే చెప్పాలా? అయినా ఎయిర్ ప్యూరిఫయర్ ప్రకటనలు చాలావరకు పొగతో, దగ్గుతోనే మొదలవుతాయి. దుకాణం దాకా వచ్చి ధర కూడా అడిగినవాళ్లు చివర్లో తటపటాయించేది తరచూ ఇంకోచోట: "రాత్రంతా నడిస్తే కరెంటు బిల్లు ఎంతొస్తుంది?" పదిహేను సెకన్లలో తీరుబడిగా చెబితే ముప్పై మాటలకు మించి పట్టవు. వాటన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నకే ఇచ్చేయాలి.

మోత గురించీ చాలామంది అడుగుతారు. అయితే దానికి పూర్తి జవాబు లేదు. స్లీప్ మోడ్‌లో చప్పుడు తగ్గుతుంది, దాంతోపాటు శుభ్రమయ్యే గాలీ తగ్గుతుంది. బిల్లు సంగతి అలా కాదు, లెక్క తేలిపోతుంది. పడకగదికి సరిపోయే యంత్రం 50 వాట్లదనుకుందాం. పది గంటలు నడిస్తే అర యూనిట్. 2,000 వాట్ల గీజరు పావుగంట వేసినా అర యూనిట్టే.

పోలికకు ముందుగా తట్టేది సీలింగ్ ఫ్యాను. కానీ పొగ ముదిరే చలికాలంలో ఢిల్లీ ఇళ్లలో ఫ్యాన్లు తిరగవు, గీజర్లు మాత్రం రోజూ వేస్తారు. అందుకే గీజరే సరైన పోలిక.

ఇక ప్రకటన. మొదటి మూడు సెకన్లు: పడుకునే వేళ అత్తగారి చెయ్యి ప్యూరిఫయర్ స్విచ్ మీదికి వెళ్తుంది. "రాత్రంతా ఇది తిరిగితే బిల్లు ఎవరు కడతారు?" తర్వాతి ఏడు సెకన్లు: కోడలు బాత్రూం బయట వెలుగుతున్న గీజరు లైటు చూపిస్తుంది. "అత్తయ్యా, పొద్దున మీ నీళ్లు కాగడానికి ఎంత కరెంటవుతుందో, రాత్రంతా దీనికీ అంతే." తెర మీద పెద్ద అక్షరాలతో "గీజరు 15 నిమిషాలు = ప్యూరిఫయర్ 10 గంటలు" అని పడాలి, ఫోన్లో శబ్దం లేకుండా చూసేవాళ్లకు అదే జవాబు. చివరి ఐదు సెకన్లలో అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంటారు, యంత్రం పేరు కనిపిస్తుంది. హెపా ఫిల్టరు, సూక్ష్మకణాల శాతాలు ఇందులోకి రాకూడదు. అవి దూరితే బిల్లు మాట పక్కకు జారిపోతుంది.

వాట్ల లెక్క ఆ మోడల్‌కు, అది నడిచే వేగానికి సరిపోవాలి. ప్రకటనలో చెప్పినదానికి ఆధారం చూపించగలగాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ నియమం. "ఖర్చే లేదు" అనడం మాత్రం తప్పు. ఫిల్టరు మార్చినప్పుడు అయ్యే ఖర్చు తరచూ కరెంటు ఖర్చును మించిపోతుంది. ప్రకటన కరెంటు గురించే మాట్లాడాలి.

పని చేసిందో లేదో తెలియాలంటే, ఒక్కసారి చూపించి, కాసేపాగి "అందులో ఏం చెప్పారు?" అని అడగాలి. "గాలి శుభ్రం చేస్తుందట" అన్నారంటే మళ్లీ రాయాల్సిందే. "గీజరంత కూడా కాదట" అన్నా సరిచూసుకోవాలి, పావుగంట అన్న మాట వాళ్లకు అందలేదన్నమాట.