కేకు కోసేలోపు నలభై నిమిషాలు

పాపకి ఏడాది నిండిన పండగ. కార్డులో సాయంత్రం 7 గంటలకని వేశారు. గుంటూరు శివారులో ఫంక్షన్ హాలు. ఏడింటికి హాల్లో ఉన్నది బెలూన్లు కడుతున్న డెకరేషన్ కుర్రాళ్లు, సౌండు అబ్బాయి, నేను. ఏడున్నర దాటాక జనం రావడం మొదలైంది. కుర్చీలు సగం నిండేసరికి ఎనిమిదైంది. సరిగ్గా అప్పుడే పాప నిద్రపోయింది.

యాంకరింగ్ అంటే గలగలా మాట్లాడటమే అనుకుంటారు చాలామంది. కాలేజీ ఫ్రెషర్స్ డేలో మైకు పట్టుకుని నాలుగు జోకులు వేసిన రోజుల్లో నేనూ అదే అనుకున్నాను. మాట చలాకీగా ఉంటే మొదటి ఫంక్షన్ ఎలాగో దొరుకుతుంది. అదే చుట్టాల్లోంచి రెండో ఫోను రావాలంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలి, పాప ఎన్నింటికి పడుకుంటుందో తెలియాలి, వంటవాళ్లు మూతలు ఎప్పుడు తీస్తారో తెలియాలి. ఇవేవీ స్టేజి ఎక్కాక తెలిసేవి కావు. ముందురోజు ఫోన్లో అడగాల్సినవి.

నేను పాప తల్లితోనే మాట్లాడతాను. తండ్రికి హాలు అద్దె తెలుస్తుంది, మిగతావన్నీ ఆవిడకి తెలుస్తాయి. నాయనమ్మ వైపు ఎవరెవరు, అమ్మమ్మ వైపు ఎవరెవరు, మేనమామలు ఎంతమంది, మేనత్తల్లో పెద్దావిడ ఎవరు అని పేర్లతో సహా రాసుకుంటాను. అందరం దండం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా చుట్టరికాల్లో వరుస తప్పితే ఊరుకోరు. తర్వాత కాస్త గొంతు తగ్గించి ఇంకో మాట అడుగుతాను: పక్కపక్కన నిలబెట్టకూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? అవతల చిన్న నవ్వు వినిపిస్తుంది. "మా పెద్దన్నయ్యా, చిన్నన్నయ్యా మాట్లాడుకోవట్లేదండీ, పొలం గొడవ." ఇక ఆ రోజు ఇద్దరు మేనమామల్నీ ఒకేసారి పిలవను. పెద్దాయన్ని అక్షింతలకి, చిన్నాయన్ని కానుకలప్పుడు.

అందరికన్నా ముందు అడగాల్సినది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. తొలి రోజుల్లో ఒక ఇంట్లో హుషారుగా, "పాప అమ్మమ్మగారూ తాతయ్యగారూ జంటగా స్టేజి మీదకి రావాలి!" అన్నాను. అమ్మమ్మ లేవలేదు. హాలంతా ఒక్కసారి చల్లబడిపోయింది. ఆ తాతగారు పోయి ఎనిమిది నెలలే అయిందట. తండ్రి వైపు పెద్దవాళ్లు పోతే ఏడాదిపాటు చాలా ఇళ్లలో పండగ పెట్టుకోరు కదా, కాబట్టి అలాంటిదేమీ ఉండదనుకున్నాను. పెళ్లయి వెళ్లిన కూతురికి ఆ పట్టింపు అంతకాలం ఉండదన్నది నాకు తట్టలేదు. ఆ ఇంటి నుంచిగానీ, వాళ్ల చుట్టాల నుంచిగానీ మళ్లీ ఫోను రాలేదు. అప్పటినుంచి పేర్లు రాసుకునేటప్పుడే "పెద్దవాళ్లందరూ వస్తున్నారా అమ్మా?" అని అడుగుతాను. జవాబులోనే అంతా తెలిసిపోతుంది. "జంటగా" అన్న మాట మైకులో వాడటం దాదాపు మానేశాను.

ఇంకో ప్రశ్న కొవ్వొత్తి గురించి. దీపం ఆర్పడం మంచిది కాదని కొన్ని ఇళ్లలో కొవ్వొత్తి ఊదనివ్వరు, కుందిలో దీపం వెలిగిస్తారు. అది తెలియకుండా "ఉఫ్ అని ఊదమ్మా" అంటే నాయనమ్మ ముఖం చూడాలి.

గుంటూరు హాలుకి వస్తాను. పాప సాయంత్రం ఎనిమిదికి ఓ కునుకు తీస్తుందని ముందే తెలుసు, అందుకే కంగారు పడలేదు. కేకు ఎనిమిది నలభైకని తల్లితో మాట అనుకుని, వంట మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. అసలు కీలకం ఆయన చేతిలో ఉంటుంది. భోజనాల దగ్గర మూత లేచిందంటే ఎంత గొప్ప యాంకరైనా జనాన్ని కుర్చీల్లో ఆపలేదు. స్టార్టర్లు, కూల్‌డ్రింకులు కుర్చీల దగ్గరికే పంపండి, కేకు కోసేదాకా బిర్యానీ తెరవొద్దు అని ఒప్పించాను. కొత్తవాళ్లు ఆటల్ని కేకు తర్వాతకి పెట్టుకుంటారు. కేకు తర్వాత జనం కదిలేది రెండు వైపులకే, ఒకటి ఫొటోల వరుస, రెండోది ప్లేట్ల వరుస. ఆటలన్నీ ముందే అయిపోవాలి.

ఆ నలభై నిమిషాల్లో మొదటి పది పిల్లలవి. మ్యూజికల్ చైర్స్ మొదలుపెట్టాను, అందరూ ఒకేసారి పరిగెత్తుతారు కాబట్టి సిగ్గుపడే పిల్లలు కూడా కలిసిపోతారు. తర్వాత మేనత్తలకి, పిన్నులకి బెలూన్ ఊదే పోటీ. అది అయ్యాక పాప గురించి ప్రశ్నలు: మొదటి పన్ను ఏ నెలలో వచ్చింది, ఎవరు ఎత్తుకుంటే ఏడుపు ఆపుతుంది? వీటికి జవాబులు తల్లి ముందురోజే చెప్పింది. నవ్వులన్నీ ఇక్కడే వచ్చాయి. బయటినుంచి తెచ్చిన జోకుకి పదిమంది నవ్వితే, "పాప బాబాయి గడ్డం చూస్తే ఏడుస్తుంది" అన్నదానికి హాలంతా నవ్వుతుంది.

మధ్యలో మైకు కూతపెట్టింది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి దూరి, తిరిగి స్పీకర్‌లోంచి ఇంకా పెద్దగా రావడం వల్ల వచ్చే కూత అది. బెలూన్ పోటీ చూస్తూ చూస్తూ నేనే స్పీకర్ ముందుకి వచ్చేశాను. రెండడుగులు వెనక్కి వేస్తే ఆగిపోయింది. సినిమా పాటగాళ్లలా మైకు జల్లెడని గుప్పిట్లో మూసి పట్టుకున్నా ఇదే జరుగుతుంది. మైకుని గడ్డం కింద పిడికెడు దూరంలో పట్టుకుంటే చాలు. కార్డ్‌లెస్ మైకులో కొత్త బ్యాటరీలు వేయమని సౌండు అబ్బాయికి చెప్పాల్సిందే, నిన్నటి బ్యాటరీలు సరిగ్గా కేకు దగ్గరే చచ్చిపోతాయి.

ఎనిమిది నలభై ఐదుకి పాప లేచింది. పాపర్లు పేల్చే కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచాను: కత్తి కేకులో దిగి, ఫొటోగ్రాఫర్ చెయ్యి ఎత్తాకే, అదీ పక్కకి తిప్పి. ఢామ్మన్న శబ్దానికి ఏడాది పిల్లలు జడుసుకుంటారు, ఆ తర్వాత ఆల్బమ్ నిండా ఏడుపు ముఖమే. ఈ ఒక్క జాగ్రత్తకి ఫొటోగ్రాఫర్లు యాంకర్ని గుర్తుపెట్టుకుంటారు. నాకు వచ్చే ఫోన్లలో చాలామటుకు వాళ్ల నోటి నుంచి వెళ్లినవే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, పుట్టినరోజులు మాత్రం ఆగవు. ఆ నెలంతా నా డైరీ నింపేది వాళ్లే.

పేరు వచ్చాక చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఆదివారం సాయంత్రం రెండు ఫంక్షన్లు ఒప్పుకోవడం. కార్డులో ఏడన్నది ఎనిమిదిన్నర అయితే రెండో హాలు వాళ్లు గేటు దగ్గర ఎదురుచూస్తుంటారు. సగం డబ్బు ముందే తీసుకోవడం, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటానో వాట్సాప్‌లో రాసి పంపడం అందుకే. ఆరుబయట లాన్ అయితే ఇంకో హద్దు కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలు రోజుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు.

మళ్లీ మళ్లీ పిలుస్తుంటే ఒక చిక్కు వస్తుంది. పిలిచేవాళ్లంతా ఒకే చుట్టరికం. హాలు మారుతుంది, కుర్చీల్లో మాత్రం అవే ముఖాలు. పోయినసారి నవ్విన ముక్కకి ఈసారి పిన్నిగారు ముందే తర్వాతి వాక్యం చెప్పేస్తుంది. అందుకే ఇంటికొక పేజీ చొప్పున నోటుబుక్కు పెట్టుకున్నాను.

మొన్న గుంటూరు పాప తల్లి ఫోన్ చేసింది. "అక్కా, మా మరిది కొడుక్కి వచ్చే నెల మొదటి పుట్టినరోజు, మీరే రావాలి" అంది. పేజీ తీశాను. బెలూన్ పోటీ అయింది, గడ్డం జోకు అయింది, మేనమామలు విడివిడిగా అని రాసి ఉంది. ఆ చివరి మాట ఇంకా అంతేనా అని అడిగాను. "లేదక్కా, సంక్రాంతికి కలిసిపోయారు. ఇప్పుడు మా ఆయనా, మరిదీ మాట్లాడుకోవట్లేదు" అంది.