తర్వాతి భాగానికి తాళం

పెళ్లి పీటల మీద తాళి కట్టబోతుండగా గుమ్మంలోంచి "ఆపండి" అని ఎవరో అరుస్తారు. ఆ భాగం అక్కడితో సరి. తర్వాతి భాగం మీద నొక్కితే చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. వెంటనే చదవాలంటే కాయిన్లు ఖర్చు పెట్టాలి, లేదా రేపటిదాకా ఓపిక పట్టాలి. ఫోన్లలో సీరియళ్లు చదివేవాళ్లకు ఇది రోజూ ఉండేదే. ఆ కాయిన్లలో రాసినవాళ్లకు ఎంత చేరుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు.

వారపత్రికల కాలంలో లెక్క తేలిగ్గా ఉండేది. సీరియల్‌కి ఇంత అని పత్రిక పారితోషికం ఇచ్చేది. యండమూరి 'తులసిదళం' కోసం జనం 'ఆంధ్రభూమి' వీక్లీ కొన్నా, ఫలానా వారం భాగాన్ని ఎందరు చదివారో, ఎక్కడ విసుగొచ్చి మానేశారో ఎవరూ చెప్పలేరు. యాప్‌కి అది తెలుసు. పాఠకులు ఏ భాగం దగ్గర ఆగిపోయారో దాని దగ్గర లెక్క ఉంటుంది. డబ్బు కూడా ఆ లెక్కమీదే నడుస్తుంది.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నిలబెట్టింది చైనాలోని చిదియాన్ అనే వెబ్‌సైట్. 2003 అక్టోబరులో అది నవలల మొదటి భాగాలను ఉచితంగా ఉంచి, ఆ తర్వాతివాటికి వెల పెట్టింది. వెయ్యి అక్షరాలకు 2 ఫెన్. ఫెన్ అంటే యువాన్‌లో నూరో వంతు, అంటే అధ్యాయానికి పైసల్లోనే. పాఠకుడి జేబుకు తెలియనే తెలియదు. కానీ నవల లక్షల అక్షరాలకు సాగితే ఆ పైసలే ఆదాయమవుతాయి. అందుకే చైనా వెబ్ నవలలు అంత పొడవు. అక్షరాన్ని బట్టి కూలి ఇస్తే కథను క్లుప్తంగా ముగించాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది? ఆ తర్వాత 2014లో కొరియాలోని కకావోపేజ్ దీనికి ఇంకో మెలిక పెట్టింది: కొంతసేపు ఆగితే తర్వాతి అధ్యాయం ఉచితం, ఆగలేకపోతే డబ్బు కట్టాలి. అంటే అమ్ముతున్న సరుకు కథ కాదు, పాఠకుడి తొందర.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి ఎక్కువగా తెలిసింది ప్రతిలిపి ద్వారా. 2014లో మొదలైన ఈ బెంగళూరు సంస్థ తెలుగుతో పాటు చాలా భారతీయ భాషల్లో నడుస్తోంది. అక్కడ రచయితకు డబ్బు నాలుగైదు దారుల్లో వస్తుంది. పాఠకులు కాయిన్లు కొని, నచ్చిన భాగానికి స్టిక్కర్ రూపంలో కానుకగా ఇవ్వొచ్చు. తాళం పడ్డ భాగాన్ని కాయిన్లతో తెరవొచ్చు. ఒకే రచయితకు నెలనెలా కట్టి 'సూపర్ ఫ్యాన్' కావచ్చు. లేదా మొత్తం యాప్‌కే ప్రీమియం చందా కట్టొచ్చు. ఇవి కాక పోటీల బహుమతులు. పాఠకులు ఇచ్చిన కాయిన్ విలువంతా రచయితకు రాదు. గూగుల్ ప్లే, యాపిల్ స్టోర్ ద్వారా జరిగే అమ్మకాల మీద ఆ కంపెనీలు సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటాయి. తర్వాత పన్ను. మిగిలినదాన్ని ప్లాట్‌ఫామ్, రచయిత పంచుకుంటారు.

లెక్కలన్నీ బయటపెట్టిన ఒక ప్లాట్‌ఫామ్‌ను చూస్తే విషయం తేటపడుతుంది. అమెజాన్ 2021 జులైలో అమెరికాలో 'కిండిల్ వెల్లా' ప్రారంభించింది. ఇంగ్లీషు కథలకే. మొదటి 3 భాగాలు ఉచితంగా ఉండేవి. ఆ తర్వాత ప్రతి 100 పదాలకు ఒక టోకెన్ పట్టేది. 200 టోకెన్ల ప్యాకెట్ ధర 1.99 డాలర్లు ఉండేది. టోకెన్ల మీద పాఠకులు పెట్టిన ఖర్చులో పన్నులు, స్టోర్ రుసుములు పోగా సగం రచయితకు దక్కేది.

భాగానికి 1000 పదాల చొప్పున 100 భాగాల సీరియల్ అనుకుందాం. తాళం వేసినవి 97 భాగాలు. ఒక్కోదానికి 10 టోకెన్ల చొప్పున మొత్తం 970. చివరిదాకా చదివిన ఒక పాఠకురాలు పెట్టే ఖర్చు దాదాపు 9 డాలర్ల 65 సెంట్లు. ఏ రుసుమూ కోయకపోతే రచయిత వాటా 4 డాలర్ల 80 సెంట్ల పైచిలుకు. అలాంటివాళ్లు 100 మంది దొరికితే సుమారు 480 డాలర్లు, మన డబ్బుల్లో 40 వేలకు కాస్త అటూ ఇటూ. దానికోసం రాయాల్సింది లక్ష పదాలు. రోజుకో భాగం వేసినా మూడు నెలలు దాటుతుంది.

ఆ 100 మంది దొరకడమే కష్టం. ఉచిత భాగాలు చదివినవాళ్లలో చాలామంది తాళం దగ్గరే వెనక్కి తిరుగుతారు. దాటినవాళ్లలోనూ ప్రతి భాగానికీ కొందరు జారిపోతారు. అందుకే కొత్త రచయితలు మొత్తం వ్యూస్ అంకె చూసి మురిసిపోతే మోసపోతారు. చూడాల్సింది తాళం ముందరి చివరి ఉచిత భాగాన్ని ఎందరు చదివారు, దాని తర్వాతి భాగాన్ని ఎందరు తెరిచారు అన్నది. అక్కడ ఒక్కసారిగా పడిపోతే కథకు ఇంకా పట్టు రాలేదని అర్థం. నెమ్మదిగా తగ్గుతూ పోతే మామూలే.

ఈ లెక్కలో నెగ్గేది ఎవరన్నది చెప్పడం కష్టం కాదు. రోజూ, లేదా రోజు విడిచి రోజు ఒక భాగం వేయగలిగేవాళ్లు, అది కూడా నెలల తరబడి. "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు మేడమ్?" అన్న కామెంట్లకు జవాబిస్తూ పాఠకుల్ని నిలబెట్టుకునేవాళ్లు. ప్రేమ, పెళ్లి, అత్తింటి కథ, సస్పెన్స్ లాంటి, ఎంతైనా సాగదీయగల ఇతివృత్తాలు చేతిలో ఉన్నవాళ్లు. పాత సీరియల్ చదివి కొత్తదాని కోసం ఎదురుచూసే ఫాలోవర్లు ఉన్నవాళ్లకు మొదటి రోజు నుంచే కాస్త బలం ఉంటుంది. చక్కగా చెక్కిన చిన్న కథ రాసేవాళ్లకు ఇక్కడ చోటు తక్కువ. వాళ్ల రాత తక్కువై కాదు, ఆరు పేజీల్లో ముగిసే కథకు తాళం ఎక్కడ వేస్తారు?

పోటీల సంగతి వేరు. ప్రతిలిపి 'సూపర్ రైటర్ అవార్డ్స్' లాంటి పోటీల్లో బహుమతి గెలిచేది కొద్దిమందే. మిగతావాళ్లంతా సీరియళ్లు మాత్రం రాసి ఇస్తారు. పోటీ నియమాల్లో కనీసం ఇన్ని భాగాలు, ఇన్ని పదాలు అని ఉందంటే నిర్వాహకులకు కావాల్సింది తాళం వేయడానికి వీలైన పొడవాటి సిరీస్ అని తెలుసుకోవచ్చు. అది తప్పేమీ కాదు. ఫాలోవర్లు లేనివాళ్లకు పోటీ వల్ల నలుగురి కంటా పడే అవకాశం వస్తుంది. కాకపోతే బహుమతిని నెల ఆదాయంలా లెక్కేసుకోకూడదు. ఎంపిక న్యాయనిర్ణేతలదా, చదివినవాళ్ల సంఖ్యదా అన్నది ముందే చూసుకోవాలి. రెండోదైతే పాత రచయితల ఫాలోవర్ల ముందు కొత్తవాళ్లు నిలవడం కష్టం.

డబ్బు కన్నా ముందు చదవాల్సింది ఒప్పందం. 2020లో చిదియాన్ మాతృసంస్థ యువెన్ కొత్త ఒప్పందం షరతులు హక్కుల్ని లాగేసుకునేలా ఉన్నాయని చైనా రచయితలు మండిపడ్డారు. మే 5న చాలామంది కొత్త అధ్యాయం వేయకుండా నిరసన తెలిపారు. సంస్థ షరతులు సవరించాల్సి వచ్చింది. ఇక వెల్లాను అమెజాన్ 2025 ఫిబ్రవరిలో మూసేసింది. రచయితల కథలు వాళ్లకే మిగిలాయి, పాఠకుల జాబితా మాత్రం చేతికి రాలేదు. అందుకే భాగాలన్నిటికీ ఒక కాపీ సొంత కంప్యూటర్లో ఉంచుకోవాలి. ఆడియో, పుస్తకం, సినిమా హక్కుల ప్రస్తావన ఒప్పందంలో ఎక్కడుందో వెతకాలి. 'ప్రత్యేక హక్కు' అన్న మాట కనబడితే ఎన్నేళ్లకు, ఏ రూపానికి అని అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే మొదటి భాగం అప్‌లోడ్ చేయాలి.