సిగరెట్ కంపెనీ పెట్టిన పోటీ, ఒక థీసిస్ ఉత్తరం

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. థీసిస్ విషయం ఒప్పించుకోవడానికి ప్రొఫెసరుకు పంపాల్సిన ఈమెయిల్‌ని ముందు నాకు పంపి, కింద "బాబాయ్, ఒకసారి చూసి చెప్పవా" అని రాసింది. విషయం దగ్గర "భారతీయ నగర జీవితంలోకి రాక్ సంగీతం రాక" అని ఉంది. 1950లలో వచ్చిన ఇంగ్లీషు సినిమాలతో మొదలై, 1968లో బీటిల్స్ రిషీకేశ్ రావడం, 1986లో ముంబయిలో మొదలైన ఇండిపెండెన్స్ రాక్, ఇప్పటి కాలేజీ ఫెస్టులు, అన్నీ నాలుగు పేరాల్లో కుక్కింది. మధ్యమధ్య బోలెడు ప్రేమ. చదవడానికి బాగుంది. కానీ ఏ ప్రొఫెసరూ దీనికి సరే అనరు.

ఫోన్ చేసి, "ఇందులో నీ ప్రశ్న ఏదమ్మా?" అని అడిగాను. "రాక్ ఎలా వచ్చిందీ అనేదే కదా బాబాయ్" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. రాక్ మన నగరాల్లోకి ఒక్క దారిన రాలేదు. రేడియో సిలోన్ ద్వారా కొంత వచ్చింది. రైల్వే కాలనీల ఇన్‌స్టిట్యూట్లలో ఆంగ్లో ఇండియన్లు నడిపిన డాన్సుల ద్వారా కొంత, కలకత్తా పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్ల ద్వారా కొంత వచ్చింది. ఒక్కో దారీ ఒక్కో థీసిస్ అవుతుంది. ఎం.ఏ. విద్యార్థికి దొరికేది కొద్ది నెలల సమయం. ఉత్తరం చదివే ప్రొఫెసరు మొదట చూసేది విషయం ఎంత ఆసక్తిగా ఉందని కాదు. దీనికి ఆధారాలు ఉన్నాయా, ఈ పిల్ల వాటి దగ్గరికి వెళ్లగలదా, గడువులోపల పూర్తవుతుందా అని.

అందుకని కాగితాల జాడ మిగిలిన ఒక్క దారి ఎంచుకోమన్నాను. అలాంటిది ఒకటుంది: సిమ్లా బీట్ పోటీ.

1960ల చివర్లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ తన సిమ్లా సిగరెట్ల ప్రచారానికి కుర్రకారు బృందాల మధ్య పాటల పోటీ పెట్టింది. ఈ కంపెనీయే 1970లో ఇండియా టొబాకోగా పేరు మార్చుకుంది. పోటీకి వేర్వేరు నగరాల బృందాలు వచ్చాయి. 1970లోనూ 1971లోనూ ఆ బృందాల పాటలతో ఎల్పీ రికార్డులు వెలువడ్డాయి. మద్రాసు నుంచి కన్‌ఫ్యూషన్స్, బెంగుళూరు నుంచి డైనోసార్స్, షిల్లాంగ్ నుంచి ఫెంటోన్స్ వాటి మీద వినిపిస్తారు. చాలాకాలం తర్వాత విదేశీ సేకర్తలు ఆ రికార్డులను మళ్లీ అచ్చువేశారు కాబట్టి ఇవాళ వినడం కష్టమేమీ కాదు.

ఈ పోటీని చరిత్రగా చూడాల్సిన కారణం పాటల్లో కన్నా డబ్బులో ఎక్కువ ఉంది. అంతకుముందు ఇలాంటి సంగీతాన్ని పోషించింది హోటళ్లు, క్లబ్బులు. అక్కడ భోజనానికో డాన్సుకో వచ్చినవాళ్ల కోసం వాయించాలి, వాళ్లు కోరిన పాటే వాయించాలి. ఉషా ఉతుప్ అప్పట్లో ఉషా అయ్యర్. ఆమె 1969లో పాడడం మొదలుపెట్టింది కూడా మద్రాసు మౌంట్‌రోడ్డులోని నైన్ జెమ్స్ అనే చిన్న నైట్‌క్లబ్బులోనే. పోటీ వేదిక అలాంటిది కాదు. అక్కడ టికెట్టు కొని వచ్చిన కుర్రాళ్లు బృందాన్ని వినడానికే వస్తారు. ఒక ఊరి బృందం మరో ఊరి బృందంతో తలపడుతుంది. సిగరెట్ కంపెనీకి కావలసింది కొత్తగా సిగరెట్ పట్టే వయసువాళ్లు. ఆ లెక్కే ఈ సంగీతానికి సొంత శ్రోతలను సమకూర్చిందా? థీసిస్‌కి ఇది నిజమైన ప్రశ్న. జవాబు "కాదు" అయినా థీసిస్ నిలబడుతుంది.

మా పిల్ల మద్రాసును ఎంచుకుంది. హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. అక్కడి కన్నెమరా లైబ్రరీకి 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు, తర్వాతి సవరణతో పత్రికలు కూడా చేరుతున్నాయి. 1967 నుంచి 1972 దాకా మద్రాసు దినపత్రికల్లో వినోదాల ప్రకటనల పేజీలు తిరగేస్తే ఏ బృందం ఏ తేదీన ఎక్కడ, ఎంత టికెట్టుతో వాయించిందో పోగవుతుంది. రెండో ఆధారం కలకత్తా నుంచి 1967లో మొదలై 1977లో ఆగిపోయిన జూనియర్ స్టేట్స్‌మన్ పత్రిక. కుర్రకారు సంగీతం గురించి ఆ కాలంలో అంతగా రాసిన ఇంగ్లీషు పత్రిక మన దేశంలో మరొకటి లేదనే చెప్పాలి. మూడోది అప్పుడు వాయించి ఇప్పుడు డెబ్బై దాటిన మనుషుల మాటలు.

ఈ మూడో దాని దగ్గరే జాగ్రత్త కావాలి. ప్రతి బృందమూ "మేమే మొదట" అంటుంది. అబద్ధమాడరు, జ్ఞాపకం జరిగిపోతుంది. ఒక పెద్దాయన 1967లో హాలు నిండా జనం ముందు 'స్టెయిర్‌వే టు హెవెన్' వాయించామని చెప్పాడనుకుందాం. ఆ పాట వచ్చిందే 1971లో. అంటే ఆయన చెప్పిన కచేరీ జరిగి ఉండొచ్చు, ఏడాది మాత్రం తప్పు. పాట విడుదలైన సంవత్సరాన్ని గీటురాయిగా పెట్టుకుని, ఆపైన పత్రిక ప్రకటనతో సరిచూస్తే తేదీ తేలుతుంది. రికార్డులతోనూ ఇలాంటి చిక్కే ఉంది. వాటి మీద ఉన్నది పోటీలో పైకి వచ్చిన బృందాలు. మొదటి రౌండులో ఓడిన బృందానికి ఒక్క నిమిషం శబ్దం కూడా మిగిలి ఉండకపోవచ్చు. రికార్డు విని ఊరి సంగీతమంతా ఇదేనని రాస్తే, సినిమాలో పాటొక్కటే చూసి కథ చెప్పినట్టే.

వారం తర్వాత ఆమె మళ్లీ రాసిన ఉత్తరం ఇది. ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెబుతున్నాను:

"విషయం: ఎం.ఏ. థీసిస్ ప్రతిపాదన, మద్రాసులో సిమ్లా బీట్ పోటీ, 1967–72.

నమస్కారం మేడమ్. నేను మీ పట్టణ చరిత్ర తరగతి విద్యార్థిని. సిగరెట్ కంపెనీ పోటీ రాకముందు మద్రాసు రాక్ బృందాలు ఎక్కడ, ఎవరి కోసం వాయించేవి, వచ్చాక అది మారిందా అన్నది నా ప్రశ్న. సిద్ధార్థ్ భాటియా 2014లో రాసిన 'ఇండియా సైకిడెలిక్' చదివాను. అందులో దేశం మొత్తం కథ ఉంది, నేను ఒక్క నగరాన్నే తేదీలవారీగా చూడాలనుకుంటున్నాను. కన్నెమరాలో పత్రికల ప్రకటనలు, రెండు ఎల్పీలు, ఐదారుగురి ఇంటర్వ్యూలు నా ఆధారాలు. ఇంటర్వ్యూలకు రాతపూర్వక అనుమతి తీసుకుంటాను. కంపెనీ లోపలి కాగితాలు నాకు అందకపోవచ్చు, అప్పుడు వాళ్లు ఎంత ఖర్చుపెట్టారన్నది చెప్పలేను. ఇంగ్లీషు రాని శ్రోతలు ఈ పత్రికల్లో కనిపించరు, ఆ లోటు ఎలా పూడ్చాలో మీ సలహా కావాలి. వచ్చే వారం ఇరవై నిమిషాలు మీ సమయం ఇవ్వగలరా?"

మొదటి ఉత్తరంలో ప్రేమ ఉంది. ఇందులో పని ఉంది. అందని కాగితాల సంగతి తానే ముందుగా చెప్పడం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎంతోమంది విద్యార్థులు దాచేది దాన్నే. ఆ మేడమ్ రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఏ ఏడాదివైనా సరే, మూడు ప్రకటనల నకళ్లు తెమ్మన్నారు.

ఇంటర్వ్యూ మనుషులు ఇంకా దొరకాలి. మీ ఇంట్లో పెదనాన్నో మేనమామో ఆ రోజుల్లో మద్రాసులో, సికింద్రాబాదు లాలాగూడలో, విశాఖ రైల్వే కాలనీలో గిటారు పట్టుకుని ఉంటే, అటక మీద ఉన్న టికెట్టు ముక్కలను, కార్యక్రమ కాగితాలను, ఫోటోలను పాత సామానుకు వేయకండి. ఫోటో వెనక పెన్సిలుతో ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాసి పెట్టండి. ఆయనను అడిగి ఇవాళే రాయండి.